"రేటెంత అక్కా, సైజు ఉందా అక్కా": ఈ మెసేజీలు తగ్గించుకోడానికి నేను పడ్డ పాట్లు

మాది తెనాలి. నాలుగేళ్ళుగా ఇంట్లోంచే పిల్లల బట్టలు అమ్ముతున్నా. షాపు లేదు, వాట్సాప్ స్టేటస్సు, రెండు బ్రాడ్‌కాస్ట్ లిస్టులు, ఒక ఇన్‌స్టా పేజీ, అంతే నా దుకాణం. సరుకు ఎక్కువగా విజయవాడ వస్త్రలతలో తెచ్చుకుంటా, పట్టు లంగాలు, కాటన్ గౌన్లు, మగపిల్లలకి పంచె లాల్చీలు. మొదట్లో నా పోస్టు ఎలా ఉండేదంటే, నాలుగు ఫోటోలు, కింద "న్యూ కలెక్షన్ వచ్చేసింది, కావాల్సిన వాళ్ళు మెసేజ్ చేయండి" అని ఒక్క లైను, రెండు పువ్వుల బొమ్మలు. ఇంకేం లేదు. రేటు పెట్టొద్దని నాకు ఈ వ్యాపారం నేర్పిన ఆవిడే చెప్పింది, రేటు కోసం మెసేజ్ పెడతారు, మాటల్లో పడతారు, కొంటారు అని. నేనూ నమ్మా.

మాటల్లో పడింది నేనే. మధ్యాహ్నం పాప స్కూల్ నుంచి వచ్చే టైముకి, రాత్రి వంట టైముకి ఫోను టింగు టింగుమంటూనే ఉండేది. మా అత్తయ్య అయితే "ఆ ఫోనుకే పెట్టు అన్నం" అనేది. ఒక శ్రావణ మాసంలో ఒక పట్టు లంగా డిజైన్ పెట్టా, బాగా నచ్చింది జనానికి, రెండ్రోజుల్లో 41 మంది మెసేజ్ పెట్టారు. కొన్నది ఆరుగురు. ఆదివారం కూర్చుని ఆ చాట్లన్నీ పైకి జరుపుకుంటూ నోట్‌బుక్‌లో గీతలు గీశా, ఎవరు ఏం అడిగారా అని. దాదాపు అందరూ అడిగింది రేటు. తర్వాత "మా పాపకి నాలుగేళ్ళు, పడుతుందా". తర్వాత షిప్పింగ్ ఎంత, ఎప్పటికి వస్తుంది. తర్వాత క్యాష్ ఆన్ డెలివరీ ఉందా. ఈ నాలుగు తీసేస్తే మిగిలింది రంగు గురించి ఒకటి రెండు, అంతే. ఇంకో సంగతి కూడా ఆ గీతల్లో కనపడింది, రేటు చెప్పగానే బ్లూ టిక్ పడి మళ్ళీ మాట్లాడని వాళ్ళు 19 మంది. వాళ్ళ బడ్జెట్టు 400, నా లంగా 750. రేటు ముందే కనపడి ఉంటే వాళ్ళు అడిగేవాళ్ళే కాదు, నేను 19 సార్లు టైప్ చేసేదాన్నే కాదు.

సరే అని మర్నాడే అన్నీ రాసేశా. అన్నీ అంటే నిజంగా అన్నీ, బట్ట ఏంటి, లైనింగ్ ఉందా, ఉతకడం ఎలా, సైజులు, రేట్లు, కొరియర్, పేమెంట్, ఎక్స్‌చేంజ్ రూల్సు, స్క్రోల్ చేస్తే అయిపోనంత. పెట్టిన పది నిమిషాలకి మొదటి మెసేజ్ వచ్చింది, "రేటెంత సిస్".

భలే కోపం వచ్చింది. కానీ నేనే ఇంకో ఫోన్లో, అంటే మా ఆయన ఫోన్లో నా పోస్టు తెరిచి చూశా. అప్పుడు తెలిసింది. ఇన్‌స్టాలో మొదటి ఒకటి రెండు లైన్లే కనపడి మిగతాదంతా మడత పెట్టేసి ఉంది, ఆ రెండు లైన్లలో నేను రాసుకున్నది "శ్రావణ శుక్రవారం శుభాకాంక్షలు, మీ చిట్టి మహాలక్ష్ములకి..." అని. వాట్సాప్‌లో ఇంకో తమాషా. నాలుగు ఫోటోలు ఒకేసారి పంపితే నేను టైప్ చేసిన వివరం ఒక ఫోటోకే అంటుకుంది, మిగతా మూడూ బోడిగా వెళ్ళాయి. కస్టమర్ మూడో ఫోటో నచ్చి దాని మీద రిప్లై కొట్టి రేటు అడుగుతుంది, ఆవిడ తప్పేముంది అందులో. పైగా ఆ ఫోటోని వాళ్ళ చెల్లెలికి పంపిస్తుంది, చెల్లెలు నాకు పంపిస్తుంది, అప్పటికి అక్షరం ముక్క కూడా మిగలదు.

అందుకని రెండు పనులు చేశా. ఒకటి, వివరాల్లో మొదటి లైను రేటు సైజులదే, పండగ శుభాకాంక్షలు కిందకి. రెండోది, ఫోటో మీదే రాయడం. కింద తెల్ల పట్టీ వేసి దాని మీద డిజైన్ నంబరు, ఉన్న సైజులు, రేటు. ఫోటో ఎక్కడికి పోయినా ఆ పట్టీ దాంతోనే పోతుంది. డిజైన్ నంబరు పెట్టడం వల్ల "ఆ ఆకుపచ్చది అక్కా, మొన్న పెట్టారే" అనే వెతుకులాట కూడా తగ్గింది, పీ 14 అంటే పీ 14 అంతే.

ఇక్కడ చిన్న గొడవ వచ్చింది. నా దగ్గర ఎనిమిది మంది రీసెల్లర్లు ఉన్నారు, నా ఫోటోలు తీసుకుని వాళ్ళ మార్జిన్ కలుపుకుని అమ్ముకుంటారు. రేటు ఫోటో మీద ఉంటే వాళ్ళెలా అమ్ముతారు? ఇద్దరు అలిగారు కూడా. ఇప్పుడు ప్రతి డిజైన్‌కి రెండు సెట్లు చేస్తున్నా, కస్టమర్లకి రేటు ఉన్న పట్టీ, రీసెల్లర్ల లిస్టుకి నంబరు, సైజు మాత్రమే ఉన్న పట్టీ. పని పెరిగింది, డిజైన్‌కి ఐదు నిమిషాలు అనుకోండి. అయినా చాట్లో పోయే టైము కంటే తక్కువే.

ఇప్పుడు అసలు తలనొప్పి, సైజు. దీని గురించి కొంచెం ఎక్కువే చెప్తా ఎందుకంటే డబ్బులు పోయింది ఇక్కడే.

పిల్లల బట్టల మీద 16, 18, 20, 22, 24 అని నంబర్లు ఉంటాయి కదా, హోల్‌సేల్‌లో మనకి సెట్టుగానే ఇస్తారు, అంటే ఒక డిజైన్ కావాలంటే 18 నుంచి 26 దాకా వరసగా తీసుకోవాలి, మనకి నచ్చిన సైజు ఒక్కటే ఏరుకోడానికి ఉండదు. నేను మొదట్లో ఆ నంబర్లకి పక్కన వయసు రాసేదాన్ని, 20 అంటే రెండు మూడేళ్ళు, 22 అంటే మూడు నాలుగేళ్ళు, 24 అంటే నాలుగైదేళ్ళు, అందరూ అలాగే రాస్తారు కాబట్టి. రేటు గురించి ప్రశ్నలు తగ్గాయి గానీ "పడుతుందా" అనేది తగ్గలా. ఎందుకు తగ్గుద్ది, "మా పాపకి నాలుగేళ్ళే గానీ కొంచెం బొద్దుగా ఉంటుంది", "మా పాప వయసుకి మించి పొడుగు", ప్రతి తల్లికీ వాళ్ళ పాప లెక్కకి అందదు. వాళ్ళన్నది నిజమే కూడా. ఒకే వయసున్న ఇద్దరు పిల్లల్ని పక్కపక్కన నిలబెడితే అరడుగు తేడా ఉంటుంది.

ఇంకా ఘోరం ఏంటంటే ఆ నంబరు కూడా అందరిదీ ఒకటి కాదు. రెండు చోట్ల తెచ్చిన 22 నంబరు లంగాలు నేల మీద పక్కపక్కన పరిచి టేపు పెట్టి చూశా, ఒకటి పొడవు 21 అంగుళాలు, ఇంకోటి 23. జాకెట్లో కూడా తేడా. కొంతమందికి ఆ నంబరు గౌను పొడవు, కొంతమందికి అదొక గుర్తు అంతే. నేను రెండింటికీ "3-4 ఏళ్ళు" అని రాసి అమ్మేస్తున్నా! ఆ నెలలో నాలుగు లంగాలు సైజు చాల్లేదని వెనక్కొచ్చాయి. రానూ పోనూ కొరియర్ నాదే, ఒక్కోదాని మీద లాభం అక్కడికక్కడే పోయింది.

అప్పట్నుంచి వచ్చిన ప్రతి సెట్టునీ కొలుస్తున్నా. ఎలా అంటే జాకెట్టు హుక్కులు పెట్టేసి, మడతలు లేకుండా నేల మీద పరిచి, ఈ చంక కింద నుంచి ఆ చంక కింద దాకా కొలిచి దాన్ని రెట్టింపు చేస్తే ఛాతీ చుట్టు కొలత. లంగాకి నడుం పట్టీ నుంచి కింద అంచు దాకా పొడవు. లోపల కుట్టు ఎంత వదిలారో కూడా చూస్తా, ఒక్కో పక్క అంగుళం విప్పుకునేలా ఉంటే మొత్తం రెండు అంగుళాలు లూజు చేసుకోవచ్చన్నమాట, అది తల్లులకి చాలా పెద్ద విషయం, పట్టు లంగా వచ్చే ఏడు కూడా వేయాలని అందరికీ ఉంటుంది. కింద లోపలికి మడిచి కుట్టింది ఎన్ని అంగుళాలు ఉందో అదీ రాస్తా. స్మాకింగ్ ఉన్న గౌన్లకి మాత్రం మామూలుగా ఉన్నప్పుడు ఒక కొలత, సాగదీస్తే ఒక కొలత, రెండూ రాయాలి, ఒకటే రాస్తే మళ్ళీ ప్రశ్న వస్తుంది.

కొలతలు రాశాక వచ్చిన కొత్త సమస్య, ఛాతీ 25 అని రాస్తే అది పాప ఛాతీ అనుకోవడం. బట్ట కొలత వేరు, ఒంటి కొలత వేరు కదా, జాకెట్టు వేసుకుని చేతులెత్తాలంటే రెండంగుళాలైనా వదులు ఉండాలి. ఒకావిడ వాళ్ళ పాప ఛాతీ 25 అని 25 జాకెట్టే తీసుకుంది, హుక్కు పెడితే ఊపిరాడట్లేదని ఫోటో పెట్టింది పాపం. ఇప్పుడు పాపని కొలవమని అడగటం మానేశా, అసలు ఆ వయసు పిల్లలు టేపు చూస్తే నిలబడతారా. "ఇంట్లో ఇప్పుడు పాపకి సరిగ్గా పడుతున్న గౌను ఒకటి నేల మీద పరిచి చంక నుంచి చంకకి కొలవండి, దాన్ని రెట్టింపు చేసి మా కొలతతో పోల్చుకోండి" అని రాస్తున్నా. బట్టకి బట్ట పోలిక. పొడవు మాత్రం పాపని నిలబెట్టి నడుం నుంచి చీలమండ దాకా ఒక తాడుతో చూసుకోమంటా.

ఒక నవ్వొచ్చే సంగతి, ఒకామె కొలిచి "56" అని పంపింది. 56 ఏంటి తల్లీ, నాకే రాదు అంత! తీరా చూస్తే టేపు రెండో వైపు, సెంటీమీటర్లు. 56 సెంటీమీటర్లంటే 22 అంగుళాలు, సరిగ్గానే ఉంది. అప్పట్నుంచి అంగుళాల్లో అని గట్టిగా రాస్తున్నా, అనుమానం ఉంటే టేపు పెట్టి ఫోటో పంపమంటున్నా. కాటన్ గౌన్లయితే ఒక ఉతుకుకి కొంచెం ముడుచుకుంటాయి, అది కూడా ఒక ముక్క రాయాలి, లేదంటే నెల తర్వాత మెసేజ్ వస్తుంది.

రేటు సంగతి. మొదట "690 నుంచి మొదలు" అని పెట్టా. హోల్‌సేల్‌లో సైజు పెరిగే కొద్దీ రేటు పెరుగుతుంది, నా సెట్టులో సైజుకి 30 చొప్పున. 18 సైజు 690, 20 కి 720, 22 కి 750, 24 కి 780, 26 కి 810. "690 నుంచి" అని చూసినావిడ 26 అడిగి 810 అనగానే "పోస్టులో 690 అన్నారుగా" అంటుంది, మోసం చేసినట్టు చూస్తుంది. "నుంచి" అనే ముక్క ఎవరి కంటికీ ఆనదు. ఇప్పుడు సైజు పక్కనే దాని రేటు. ఐదు సైజులకి ఐదు రేట్లు, చిన్న లైన్లే కదా.

తర్వాత షిప్పింగ్. "షిప్పింగ్ ఎక్స్‌ట్రా" అని రాయడమంత దండగ ఇంకోటి లేదు, రాసినా రాయకపోయినా తర్వాతి ప్రశ్న "ఎంత ఎక్స్‌ట్రా" అనే. మా దగ్గర కొరియర్ వాళ్ళు అర కేజీ దాకా ఒక రేటు, దాటితే ఇంకో రేటు తీసుకుంటారు. పట్టు లంగా సెట్టు కవర్లో పెట్టి కాటా వేస్తే 380 గ్రాములు వచ్చింది. అంటే ఒకటైతే మొదటి రేటులోనే పోతుంది, రెండైతే 760, రెండో రేటు పడుతుంది. ఈ లెక్క ఒకసారి తెలిస్తే చాలు, పోస్టులో తేల్చి రాసేయొచ్చు. ఆంధ్రా తెలంగాణకి ఒక సెట్టుకి 60, రెండు సెట్లకి 100, బెంగుళూరు చెన్నై వైపు ఒక సెట్టుకి 90. కాటన్ గౌన్లు 150 గ్రాములే కాబట్టి మూడు దాకా అదే 60. అది రాయడం మొదలెట్టాక కొంతమంది వాళ్ళంతట వాళ్ళే మూడో గౌను కలుపుకుంటున్నారు, ఇది నేను అనుకోలేదు. ఒకటే జాగ్రత్త, అట్టపెట్టెలో పెట్టే వాటికి ఈ కాటా లెక్క పనికిరాదు, పెట్టె పెద్దదైతే బరువు తక్కువున్నా దాని సైజుని బట్టి రేటు వేస్తారు. హెయిర్ బ్యాండ్ల సెట్టు పెట్టెలో పంపి నేను ఒకసారి 60 తీసుకుని 140 కట్టా.

ఇంకా మంచిది మొత్తం చెప్పేయడం. 780 ప్లస్ 60 అని వాళ్ళ చేత లెక్క కట్టించకుండా "24 సైజు, తెలుగు రాష్ట్రాల్లో ఎక్కడికైనా మొత్తం 840, అందులో కొరియర్ 60" అని. మా బంధువుల్లో ఒక అకౌంటెంట్ అన్నయ్య ఉన్నాడు, ఆయన చెప్పాడు, 2020 లో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ కామర్స్ నియమాల్లో కూడా అమ్మేవాళ్ళు మొత్తం ధర ఒకే అంకెగా చూపించి అందులో ఏది ఎంతో విడగొట్టి చెప్పాలని ఉందని. నేను రూలు కోసం చేయలా, నా వేళ్ళ నొప్పి కోసం చేశా, కలిసొచ్చింది.

డెలివరీ దగ్గర నేను చేసిన తప్పు ఇప్పటికీ గుర్తొస్తే సిగ్గేస్తుంది. 2025 దసరా అక్టోబర్ 2. పోస్టులో "దసరాకి అందుతుంది" అని పెద్ద అక్షరాలతో రాశా. నిజామాబాద్ నుంచి ఒకామె ఇద్దరు ఆడపిల్లలకి రెండు సెట్లు తీసుకుంది. పార్సిల్ అక్టోబర్ 1 న చేరింది, నేను పండక్కి ఒక రోజు ముందే ఇచ్చానని సంబరపడుతున్నా, ఆమె వాయిస్ మెసేజ్ పెట్టింది, "అక్కా, సద్దుల బతుకమ్మ నిన్ననే అయిపోయింది, పిల్లలు పాత బట్టల్తోనే ఆడిన్రు, ఇప్పుడు వచ్చి ఏం లాభం" అని. నాకు నోట మాట రాలా. మా వైపు ఆడపిల్లకి కొత్త పట్టు లంగా అంటే దసరా రోజు, ఆమెకి అది సెప్టెంబర్ 30 సద్దుల రోజు. అందరికీ ఒకటే పండగ అనుకుని రాసేశా. రెండు సెట్ల మీద 200 వెనక్కి పంపా, ఆమె వద్దంది, అయినా పంపా.

అప్పట్నుంచి పండగ పేరు రాయను, తారీఖు రాస్తా. అది కూడా ఏ తారీఖు అనేది చూసుకోవాలి. "5 నుంచి 7 రోజులు" అని రాస్తే కస్టమర్ డబ్బులేసిన నిమిషం నుంచి లెక్కపెడుతుంది, నేను కొరియర్‌కి ఇచ్చిన దగ్గర్నుంచి లెక్కపెడతా, మధ్యలో ఆదివారం వస్తే ఇంక చూడండి. ఇప్పుడు రాసేది ఇలా, మధ్యాహ్నం 2 లోపు డబ్బు పడితే ఆ సాయంత్రమే కొరియర్‌కి ఇస్తా, 2 దాటితే రేపు, ఆదివారం బుకింగ్ లేదు, ఇచ్చిన రోజు నుంచి పట్టణాలకి 3 రోజులు, ఊళ్ళకి 5 నుంచి 6. పండగ రోజుల్లో అయితే కొరియర్ ఆఫీసులో గుట్టలు పడిపోతాయి కాబట్టి ఇంకో రెండ్రోజులు కలిపి "ఫలానా తారీఖు తర్వాత పెట్టిన ఆర్డర్ పండక్కి అందుతుందని నేను మాటివ్వలేను" అని సూటిగా రాస్తా. దాంతో కొన్ని ఆర్డర్లు పోయాయి, పోనీ. పోయిన ఆర్డర్ మర్చిపోతాం గానీ ఆ వాయిస్ మెసేజ్ మర్చిపోలేం.

ఊళ్ళ సంగతి ఇంకోటుంది. ప్రైవేటు కొరియర్ కొన్ని ఊళ్ళకి ఇంటిదాకా వెళ్ళదు, మండల కేంద్రంలో ఆఫీసుకి వచ్చి తీసుకెళ్ళమని ఫోన్ చేస్తారు, అప్పుడు కస్టమర్ నాకు ఫోన్ చేస్తుంది. అందుకే ఆర్డర్ పెట్టేటప్పుడే పిన్‌కోడ్ పంపమంటా, కొరియర్ వెళ్ళదంటే స్పీడ్ పోస్టులో వేస్తా, పోస్టుమ్యాన్ ఏ ఊరికైనా వెళ్తాడు. పోస్టులో "పిన్‌కోడ్ పంపితే ఎలా వస్తుందో చెప్తా" అని ఒక ముక్క ఉంటుంది. ఇది ప్రశ్న తగ్గించే లైను కాదు, ఒక పనికొచ్చే మెసేజ్ తెప్పించే లైను, కాదనను.

పేమెంట్ దగ్గర జనం అడిగేది "క్యాష్ ఆన్ డెలివరీ ఉందా" అనే గానీ వాళ్ళ మనసులో ఉన్నది "డబ్బులేశాక నువ్వు మాయమైపోతే" అని. నేను క్యాష్ ఆన్ డెలివరీ మొదట్లో పోస్టాఫీసు ద్వారా పెట్టా. 11 పార్సిళ్ళలో 4 తీసుకోకుండా వెనక్కి పంపారు, ఒకరు ఊళ్ళో లేరు, ఒకరి ఆయన వద్దన్నాడు, మిగతా ఇద్దరు ఫోనే ఎత్తలా. అందుకే ఆపేశా. కానీ ఉత్తగా "నో సీఓడీ" అని రాస్తే మొహం మీద తలుపేసినట్టు ఉంటుంది, "ఎందుకు లేదు" అని మళ్ళీ చాటు. ఇప్పుడు రాసేది, ముందు పేమెంట్ యూపీఐ ద్వారా, ప్యాక్ చేసిన పార్సిల్ ఫోటో, ట్రాకింగ్ నంబరు రెండూ కొరియర్‌కి ఇచ్చిన రోజు సాయంత్రమే మీకు పంపిస్తా అని. దాంతో పాటు పాత కస్టమర్లు పిల్లలకి వేసి పంపిన ఫోటోలు, వాళ్ళు ఒప్పుకున్నవే, పేజీలో పైన అంటించి పెట్టా. క్యాష్ ఆన్ డెలివరీ గురించి అడిగేవాళ్ళు సగానికి పైగా తగ్గారు, పూర్తిగా పోలా. అడిగిన కొత్తవాళ్ళకి "ముందు ఒక కాటన్ గౌను తీసుకుని చూడండి, 300 పోతే నన్ను తిట్టండి" అంటా.

ఇంకో చిన్న విషయం, నాకు ఆర్నెల్లు తట్టలేదు. మా యూపీఐ అకౌంట్ మా ఆయన పేరు మీద ఉంది. నా పేజీకి ఇంకో పేరు. కస్టమర్ స్కాన్ చేయగానే ఎవరిదో మగమనిషి పేరు కనపడుతుంది, అక్కడ ఆగిపోయి "ఈ పేరేంటి" అని మెసేజ్, నేను చూసే లోపు ఆమెకి మూడ్ పోతుంది. ఇప్పుడు "స్కాన్ చేస్తే ఈ పేరు వస్తుంది, మా వారిదే, అదే పేరు వస్తేనే వేయండి" అని స్కానర్ బొమ్మ కిందే రాశా. ఆ ప్రశ్న ఆ రోజుతో బంద్. మన వైపు నుంచి జాగ్రత్త కూడా చెప్తా, స్క్రీన్‌షాట్ చూసి పార్సిల్ కట్టొద్దు. ఒకసారి 1,560 కి స్క్రీన్‌షాట్ వచ్చింది, టైము, నంబరు అన్నీ ఉన్నాయి, బ్యాంకులో మాత్రం రూపాయి పడలా, అది తయారు చేసిన బొమ్మ. పోస్టులో ఇప్పుడు "డబ్బు మా అకౌంట్లో పడ్డాకే ఆర్డర్ ఖాయం" అని ఉంటుంది, స్క్రీన్‌షాట్ అడగను కూడా.

అన్నీ కుదిరాక పీ 14 పోస్టు ఇలా అయింది, ఇదే మక్కీకి మక్కీ:

"పీ 14, ఆకుపచ్చ లంగా మెరూన్ జాకెట్, సెమీ పట్టు (ప్యూర్ కాదు), లోపల కాటన్ లైనింగ్.
కొరియర్ 60 తో కలిపి, ఆంధ్రా తెలంగాణ మొత్తం: 20 సైజు 780, 22 సైజు 810, 24 సైజు 840. 18, 26 అయిపోయాయి.
బట్ట కొలతలు అంగుళాల్లో: 20 ఛాతీ 23 లంగా 20, 22 ఛాతీ 24 లంగా 22, 24 ఛాతీ 25 లంగా 24. జాకెట్ 2 అంగుళాలు విప్పుకోవచ్చు.
2 లోపు డబ్బు పడితే ఈ రోజే పంపుతా, పట్టణాలకి 3 రోజులు, ఊళ్ళకి 5-6.
యూపీఐ మాత్రమే, స్కానర్ కింద ఉంది. ఆర్డర్‌కి సైజు, అడ్రసు, పిన్‌కోడ్ పంపండి."

ప్యూర్ కాదు అని రాయడానికి మొదట భయమేసింది, అమ్ముడవదేమో అని. కానీ 780 కి ప్యూర్ పట్టు రాదని అందరికీ తెలుసు, రాయకపోతేనే అడుగుతారు.

ఆ పోస్టుకి వచ్చిన మెసేజీలు కూడా నోట్‌బుక్‌లో రాశా, ముందుది రాశాను కాబట్టి. 17 మంది పెట్టారు, 7 గురు కొన్నారు. అంటే అమ్మకం పెద్దగా పెరిగిందేం లేదు, ఒకటి ఎక్కువ. ముందు 41 మందితో మాట్లాడి ఆరు అమ్మా, ఇప్పుడు 17 మందితో ఏడు. నాకు మిగిలింది రెండు సాయంత్రాలు. ఏడుగురిలో నలుగురు మొదటి మెసేజ్‌లోనే "పీ 14, 22, ఇదిగో అడ్రసు" అని పెట్టారు, అది చూసి నిజంగా కళ్ళు చెమర్చాయి అంటే నమ్మండి.

ఇన్‌స్టాలో మాత్రం కామెంట్లు తగ్గాయి. ముందు "ప్రైస్ ప్లీజ్" అని ముప్పై కామెంట్లుండేవి, చూడ్డానికి సందడిగా ఉండేది, ఇప్పుడు నాలుగు. మా రీసెల్లర్ ఒకామె దీన్ని చూపించే రేటు పెట్టడం మానేసింది. ఆమె లెక్క ఆమెది.

అన్నిటికంటే చిరాకు పని సైజు అయిపోగానే పాత పోస్టు మార్చడం. 24 అయిపోయింది, పోస్టులో ఇంకా ఉంది, అప్పుడు మన వివరాలే మన మీదకి తిరుగుతాయి, "ఉందని రాశారుగా" అని. ఒకరోజు మర్చిపోయి ఒకే 24 ని ఇద్దరికి అమ్మా, ఒకరికి డబ్బు తిప్పి పంపా. ఇప్పుడు పార్సిల్ కవరు అంటించే ముందే ఫోన్ తీసి ఆ సైజు కొట్టేస్తా, తర్వాతే టేపు. ఫార్వార్డ్ అయిపోయిన ఫోటోల్ని మాత్రం ఏం చేయలేం, రెండు నెలల కిందటి పట్టీతో ఇప్పటికీ వస్తుంటాయి. అందుకే పట్టీ మీద ఒక మూల నెల పేరు కూడా వేస్తున్నా.

ఇక "రేటెంత" అనేది పూర్తిగా ఎప్పటికీ పోదు. నిన్న ఒక పెద్దావిడ, మనవరాలి కోసమట, రేటు పట్టీ ఉన్న ఫోటో మీదే రిప్లై కొట్టి "ఎంతమ్మా ఇది" అని పెట్టింది. నేను ఆ పట్టీకి ఎర్ర గీత గీసి తిరిగి పంపా. "అది చూశానమ్మా, కళ్ళు బానే కనపడతాయి, నాకెంతకిస్తావు అని అడుగుతున్నా" అంది. 20 తగ్గించా.